గడియారం పోయి టిక్కు పడిందా?

పాడేరు ఘాట్‌ రోడ్డులో ఒక మలుపు దగ్గర సిగ్నల్ దొరుకుతుంది, తర్వాతి మలుపులో పోతుంది. అలాంటి చోట వాట్సాప్‌లో సెండ్ నొక్కిన వెంటనే ఫోను జేబులో పెట్టేసుకుంటే మెసేజ్ అందులోనే ఉండిపోవచ్చు. తెరమీద చూస్తే మాత్రం పంపేసినట్టే ఉంటుంది. అసలు సంగతి తెలిసేది మెసేజ్ కింద కుడి మూలన ఉండే చిన్న గుర్తును బట్టే.

గడియారం బొమ్మ ఉంటే మెసేజ్ ఇంకా ఫోను దాటలేదు. ఒక టిక్కు పడితే వాట్సాప్ సర్వర్‌కు చేరింది. రెండు టిక్కులు పడితే అవతలి వారి ఫోనుకు అందింది. అవి నీలంగా మారకపోయినా చదవలేదని అనుకోనక్కర్లేదు, ఆ సదుపాయాన్ని చాలామంది ఆపేసుకుంటారు.

ఏజెన్సీ గ్రామంలో ఒక ఆశా కార్యకర్త గర్భిణికి బీపీ 150/100 ఉందని చూసి, ఆమె కార్డు ఫోటోను ఏఎన్ఎంకు పంపాలనుకుందాం. ఫోటో బరువైనది, బలహీనమైన నెట్‌లో మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ముందు ‘బీపీ 150/100, తలనొప్పి ఉంది’ అని టైపు చేసి పంపాలి. దానికి టిక్కు పడ్డాకే ఫోటో పంపాలి. ఫోటో మీద తిరిగే వలయం పూర్తయ్యేదాకా సిగ్నల్ ఉన్నచోటే నిలబడాలి. మళ్లీ ప్రయత్నించమనే బాణం గుర్తు వస్తే దాన్నే నొక్కాలి, ఫోటోను కొత్తగా జత చేయకూడదు.

గడియారం ఎంతకీ పోకపోతే? ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పది సెకన్లాగి తీసేస్తే ఫోను టవర్‌ను మళ్లీ వెతుక్కుంటుంది. అదే మెసేజ్‌ను నాలుగుసార్లు పంపితే మాత్రం నెట్ రాగానే నాలుగూ వెళ్లి అవతలివారిని గందరగోళపెడతాయి.

ఒక్క టిక్కు దగ్గరే ఆగితే లోపం ఇవతల లేదు. ఏఎన్ఎం ఫోను స్విచాఫ్ అయి ఉండొచ్చు, ఆమె దగ్గర నెట్ లేకపోవచ్చు. అందని మెసేజ్‌ను సర్వర్ 30 రోజుల వరకు ఉంచుతుంది. కాబట్టి మళ్లీ పంపి లాభం లేదు. తొందరైతే ఫోన్ చేయడమో, పీహెచ్‌సీలో ఇంకొకరికి చెప్పడమో మేలు.

డేటా అసలే లేనిచోట మామూలు ఎస్సెమ్మెస్ వెళ్లే వీలుంది. అయితే తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే పడతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు ఖర్చవుతాయి. అంతకు మించితే మెసేజ్ ముక్కలుగా వెళ్తుంది, ఒక ముక్క ఆగినా మొత్తం అందదు. అందుకే నాలుగైదు మాటల్లో ముగించాలి. మెసేజ్ సెట్టింగుల్లో డెలివరీ రిపోర్టు ఆన్ చేసుకుంటే అవతలి ఫోనుకు చేరినప్పుడు కబురొస్తుంది. అన్ని నెట్‌వర్కుల్లోనూ అది తప్పక వస్తుందన్న నమ్మకం లేదు గనుక, ‘అందితే ఓకే అని పెట్టండి’ అని మెసేజ్ చివర్లోనే అడగడం మంచిది.