‘పేమెంట్ సక్సెస్’ స్క్రీన్‌షాట్ పంపారా..? సరుకు ఇచ్చే ముందు ఆ పొడవాటి నంబర్ ఓసారి చూడండి!

కిరాణా కొట్టు, చీరల షాపు, మొబైల్ యాక్సెసరీస్ దుకాణం.. ఏదైనా సరే ఇప్పుడు సగం ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. కస్టమర్ ఫోన్‌లోనే సరుకు చెప్పేస్తాడు. ‘డబ్బులు కొట్టేశాను, చూసుకోండి’ అంటూ పచ్చ టిక్ మార్కు ఉన్న స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. అప్పటికే డెలివరీ కుర్రాడు షాపు ముందు హారన్ కొడుతుంటాడు. ఆ హడావుడిలో అకౌంట్ చూడకుండా పార్శిల్ చేతికిచ్చేస్తే అంతే సంగతులు. రాత్రి లెక్క చూసుకునేసరికి ఆ పేమెంట్ ఎక్కడా కనిపించదు.

ఇలా పంపే నకిలీల్లో ఎక్కువ శ్రమ లేకుండా తయారయ్యేది ఒకటుంది. అదే పాత అసలు రసీదు. మోసగాడు ముందుగా అదే షాపులో చిన్న మొత్తానికి నిజంగానే ఏదో ఒకటి కొంటాడు. ఆ రసీదు దాచుకుంటాడు. కొన్ని రోజుల తర్వాత ఫొటో ఎడిటింగ్ యాప్‌లో అమౌంట్, తేదీ, టైమ్ మార్చేసి మళ్లీ పంపుతాడు. అందులో షాపు పేరు, యూపీఐ ఐడీ అన్నీ కరెక్టుగానే ఉంటాయి కాబట్టి చూడగానే అనుమానం రాదు. అయితే చాలామంది మార్చడం మర్చిపోయేది ఒకటుంది. అదే కింద ఉండే పొడవాటి నంబర్.

ఆ నంబర్‌లోనే తేదీ..

ప్రతి యూపీఐ చెల్లింపుకి 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. కొన్ని యాప్‌లు దీన్ని యూటీఆర్ అని, మరికొన్ని యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని చూపిస్తాయి. సాధారణంగా ఇందులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. తర్వాతి మూడు అంకెలు ఆ ఏడాదిలో అది ఎన్నో రోజు అన్నది చెబుతాయి. అంటే జనవరి 1 అయితే 001, డిసెంబర్ 31 అయితే 365. లీపు సంవత్సరమైతే 366.

ఫోన్‌పే రసీదులో దీనికి తోడు మరో ఐడీ కూడా ఉంటుంది. అది T అక్షరంతో మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చే అంకెలు వరుసగా సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం. ఇది చదవడం ఇంకా తేలిక.

ఒక ఉదాహరణ చూద్దాం..

2025 ఆగస్టు 14న ఓ చీరల షాపుకి రూ.4,150 చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ వచ్చిందనుకుందాం. టైమ్ ఉదయం 11.42 అని ఉంది. ఆగస్టు 14 ఆ ఏడాదిలో 226వ రోజు. కాబట్టి యూటీఆర్ 5226తో మొదలవ్వాలి. కానీ స్క్రీన్‌షాట్‌లో అది 5198తో మొదలైంది. 198వ రోజు అంటే జులై 17. పైన ఉన్న ట్రాన్సాక్షన్ ఐడీ చూస్తే T2507171836 అని మొదలవుతోంది. అంటే 2025 జులై 17, సాయంత్రం 6.36. రెండు నంబర్లూ ఒకే రోజును చూపిస్తున్నాయి, పైన రాసిన తేదీ మాత్రం వేరే ఉంది.

ఇప్పుడు షాపు యజమాని తన యాప్‌లోనో, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లోనో జులై 17కి వెళ్లి ఆ యూటీఆర్ వెతికితే అసలు సంగతి బయటపడుతుంది. డబ్బు పంపినవాళ్ల వైపు, అందుకున్నవాళ్ల వైపు ఈ 12 అంకెల నంబర్ ఒకటే ఉంటుంది. ఆ రోజు అదే నంబర్‌తో వచ్చింది రూ.150 మాత్రమే. పక్కన ఒక 4 చేర్చి, కామా పెట్టి, తేదీ మార్చారన్నమాట.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అన్ని బ్యాంకులు, అన్ని యాప్‌లు ఈ వరుసనే పాటించాలని లేదు. కాబట్టి అంకెలు కలవకపోతే అనుమానించాలే కానీ, వెంటనే దొంగ అనేయకూడదు. ఆ నంబర్ మీ అకౌంట్‌లో ఉందా, ఉంటే ఏ తేదీన, ఎంత మొత్తానికి ఉందన్నదే అసలు పరీక్ష.

కంటికి కనిపించే తేడాలు..

అమౌంట్‌ని వేళ్లతో జూమ్ చేసి చూడండి. కొత్తగా చేర్చిన అంకె మిగతా వాటికంటే కాస్త లావుగానో, సన్నగానో ఉంటుంది. వరుసలో కొంచెం పైకో కిందకో జరిగి ఉంటుంది. అంకెల మధ్య ఖాళీ సమానంగా ఉండదు. పాత అంకెను చెరిపిన చోట వెనక రంగు మచ్చలా కనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలన్నీ కాస్త మసగ్గానే ఉంటాయి, అది తప్పు కాదు. ఫొటో అంతా బాగుండి, అమౌంట్ దగ్గర మాత్రమే మసకగా ఉంటే అనుమానించాలి.

కొన్ని యాప్‌ల రసీదుల్లో అమౌంట్ అక్షరాల్లో కూడా ఉంటుంది. అంకెలు మార్చి అక్షరాలు వదిలేసిన సందర్భంలో అక్కడే దొరికిపోతారు. స్క్రీన్ పైభాగంలో ఫోన్ గడియారం కనిపిస్తే దాన్నీ చూడండి. పేమెంట్ 11.42కి జరిగిందని ఉండి, ఫోన్ గడియారం 11.31 చూపిస్తుంటే ఆ లెక్క కుదరదు.

పోల్చడానికి అసలు రసీదు మీ దగ్గర ఉంటే పని ఇంకా తేలిక. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి మీ క్యూఆర్ కోడ్‌కి ఒక్క రూపాయి పంపించి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. మీ పేరు అవతలివాళ్లకి ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది. చాలా షాపుల్లో బోర్డు మీద ఉన్న పేరు ఒకటి, బ్యాంకులో ఉన్న పేరు ఇంకొకటి. బోర్డు చూసి పేరు టైప్ చేసినవాడు ఇక్కడ బుక్కైపోతాడు.

ఎడిట్ చేయకుండానే నకిలీ..

అయితే ఈ గుర్తులన్నింటికీ ఒక హద్దుంది. పేమెంట్ యాప్‌లాగే కనిపించే డూప్లికేట్ యాప్‌లు ఉన్నాయి. అందులో పేరు, అమౌంట్ కొడితే చాలు, సక్సెస్ స్క్రీన్ వచ్చేస్తుంది. ఇది ఎడిటింగ్ కాదు కాబట్టి ఫాంట్ తేడా, మచ్చలు ఏమీ దొరకవు. స్క్రీన్‌షాట్‌లో తప్పు దొరకలేదంటే అది నిజమని అర్థం కాదు. డబ్బు వచ్చిందా లేదా అన్నది మీ యాప్‌లో, మీ బ్యాంక్ బ్యాలెన్స్‌లో, మీ సౌండ్‌బాక్స్‌లో తెలియాలి. ‘డబ్బు జమ అయింది’ అని మెసేజ్ వచ్చినా, అది మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి వచ్చిందంటే బ్యాంకుది కాదు.

మరి నిజంగానే సర్వర్ డౌన్ అయితే? కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి, షాపుకి చేరని సందర్భాలు ఉంటాయి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం వ్యాపారికి చేసిన ఇలాంటి యూపీఐ చెల్లింపు పూర్తికాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా కస్టమర్ ఖాతాకి తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకి రూ.100 పరిహారం కూడా ఉంది. కాబట్టి ‘డబ్బు పడ్డాకే సరుకు పంపిస్తాను’ అని చెప్పడం వల్ల నిజాయితీగా కట్టిన కస్టమర్‌కి నష్టమేమీ లేదు.

ఇప్పటికే సరుకు ఇచ్చేసి ఉంటే..

వెంటనే 1930 నంబర్‌కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. వాట్సాప్ చాట్, వచ్చిన స్క్రీన్‌షాట్, ఫోన్ నంబర్, పార్శిల్ తీసుకెళ్లిన డెలివరీ బుకింగ్ వివరాలు ఏవీ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్‌లోని యూటీఆర్ మీ పాత లావాదేవీతో కలిస్తే ఆ విషయం ఫిర్యాదులో తప్పకుండా రాయండి. ఆ పాత రూ.150 పంపిన ఖాతా ఎవరిదో పోలీసులు బ్యాంక్ ద్వారా తెలుసుకోవచ్చు.