ఇసుకను ముంచి కొలిచిన యంత్రం

పాలిటెక్నిక్ ల్యాబులో ఇసుక పరీక్ష చేయించినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, కాసిన్ని నీళ్లు చల్లితే ఇసుక పొంగింది. మరి ఇంకా పోస్తే ఇంకా పొంగాలి కదా, దిగిపోయిందేంటి?" నాకు ఈ ప్రశ్నంటే చాలా ఇష్టం. వందేళ్ల కిందట అమెరికాలో ఒక యంత్రమే దీని మీద పుట్టింది. మన స్లాబుల బాగోగులు కూడా చాలావరకు దీని జవాబులోనే ఉన్నాయి.

ముందు ఆ పొంగు సంగతి చూద్దాం. పొడి ఇసుకను డబ్బాలో పోస్తే రేణువులు ఒకదాని మీద ఒకటి జారి, దొరికిన సందుల్లో సర్దుకుంటాయి. బరువులో నాలుగైదు శాతం నీళ్లు కలిస్తే ఆ నీరు రేణువులకు పలచటి పొరలా పట్టి, రెండు రేణువులు తాకేచోట చిన్న వంతెనలా నిలుస్తుంది. ఆ నీటి వంతెన నడుము లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. తలతన్యత వల్ల అది రెండు రేణువులనూ దగ్గరకు లాగి పట్టుకుంటుంది. పిల్లలు తడి ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టగలిగేది ఈ పట్టుతోనే. అసలు చమత్కారం ఇక్కడే ఉంది. దగ్గరకు లాగే బలం ఇసుకను దగ్గరకు చేర్చదు, విడదీస్తుంది! రేణువు ఎక్కడ మొదట తాకితే అక్కడే అంటుకుపోతుంది, కింద ఖాళీ ఉన్నా జారి పడలేదు. లోపలంతా చిన్న చిన్న కమానులు కట్టినట్టయి వాటి కింద గాలి మిగిలిపోతుంది.

రేణువు చిన్నదయ్యే కొద్దీ దాని బరువు చాలా వేగంగా పడిపోతుంది గానీ ఈ పట్టు అంత వేగంగా తగ్గదు. అందుకే ముతక ఇసుక పదిహేను, ఇరవై శాతం పొంగితే సన్న ఇసుక నలభై దాకా పొంగుతుంది. నీళ్లు ఇంకా పోస్తూ పోతే సందులన్నీ నిండుతాయి. గాలికీ నీటికీ మధ్య వంపు తిరిగిన ఉపరితలం ఉంటేనే ఆ లాగుడు. పూర్తిగా మునిగిన ఇసుకలో గాలే లేదు కాబట్టి పట్టూ లేదు. రేణువులు విడిపోయి కిందికి దిగుతాయి, ఘనపరిమాణం దాదాపు పొడి ఇసుకతో సమానమవుతుంది.

1920ల నాటి అమెరికన్ ఇంజనీర్లు ఈ చివరి మాటనే పట్టుకున్నారు. నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తే కాంక్రీటు బలాన్ని నిర్ణయిస్తుందని డఫ్ ఆబ్రమ్స్ 1918లో చెప్పాడు. కానీ పెట్టెలతో ఇసుక కొలిచేచోట ఆ నిష్పత్తిని నిలబెట్టడమెలా? పొద్దున ఇసుక ఒకలా, వాన పడ్డాక మరోలా ఉంటుంది. దానికి వచ్చిన సమాధానమే ఇనండేటర్. పెద్ద తొట్టిలోకి ముందు నీళ్లు వదిలి, అందులోకి ఇసుక జార్చి, ఎక్కువైన నీరు పొర్లిపోనిచ్చి, పైన చదును చేస్తారు. మునిగిన ఇసుక కాబట్టి దాని కొలత మారదు. సందుల్లో నిండే నీరూ ప్రతిసారీ దాదాపు ఒకటే. ఇసుక తనతో తెచ్చుకున్న తడి ఎంతైతేనేం, ఆ మేరకు తొట్టి నీళ్లే బయటకు పొర్లుతాయి. ఇసుక తప్పు, నీటి తప్పు రెండూ ఒక్క దెబ్బతో పోయాయి. తడిని వదిలించుకోవాలని చూడకుండా పూర్తిగా ముంచేయడంలోని తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

దాని పోటీదారు తూకం. ఐదు శాతం తడి ఉన్న ఇసుకను తూస్తే తప్పు ఐదు శాతమే, అదే పెట్టెతో కొలిస్తే పాతిక శాతం కావచ్చు. తూకం యంత్రాలు బాగుపడ్డాక బరువైన తొట్టి వెనకబడింది. ఇప్పటి రెడీమిక్స్ ప్లాంటులో ఇసుక గదిలోనే తడిని పసిగట్టే సాధనం ఉంటుంది. మన ఐఎస్ 456 కూడా తూకాన్నే ముందుంచుతుంది. కానీ మన ఊళ్లలో ఇళ్ల స్లాబులు నేటికీ ఎన్నో మిల్లరు, ఫర్మాల మీదే నడుస్తున్నాయి కాబట్టి ముంచి కొలిచే పని మనకింకా అవసరమే. దానికి ఒక గాజు కొలజాడీ చాలు.

250 మిల్లీలీటర్ల జాడీలో 200 గీత దాకా తడి ఇసుకను వదులుగా పోయాలి. తట్టకూడదు, అదమకూడదు. నీళ్లు పోసి కడ్డీతో బాగా కలిపి వదిలేస్తే ఇసుక దిగుతుంది. 160 దగ్గర ఆగిందనుకుందాం. 200ని 160తో భాగిస్తే 1.25, అంటే పొంగు 25 శాతం. ఇసుక పైన బురద పొర తేలితే దాన్ని ఇసుకగా లెక్కపెట్టకూడదు. కుప్ప పైపొర ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఇసుక లోపలి నుంచి తీయాలి. తట్టి నింపితే పొంగు తక్కువగా కనబడి మోసం చేస్తుంది. రోబో శాండ్ కూడా పొంగుతుంది, అందులోని పొడి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కాసేపు ఆగి చూడాలి.

ఇప్పుడు ఒక మిల్లరు లెక్క చూద్దాం. ఎం20కి ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లు. బస్తా సిమెంటు 35 లీటర్లు అనుకుంటే పొడి ఇసుక 52.5, కంకర 105, నీళ్లు 30 లీటర్లు. పైన చూసిన తడి ఇసుకను అదే 52.5 లీటర్లు పోస్తే లోపల ఉన్నది నిజానికి 42 లీటర్ల ఇసుకే. ఒకటిన్నర పాలు 1.2కి పడిపోయింది. కంకర మధ్య సందులు నింపడానికి మసాలా చాలదు, కాంక్రీటు గరుకుగా వస్తుంది. సెంట్రింగు విప్పాక దూలాల అడుగున తేనెపట్టులాంటి గుంతలు కనిపిస్తాయి. మొత్తం నీరు 30 లీటర్లే అనుకున్నా, మిల్లరుకు సుమారు 136 లీటర్లు రావలసిన కాంక్రీటు 130 లీటర్ల దగ్గర ఆగుతుంది. ఈ లోటు వల్లే చివర్లో మేస్త్రీ "ఇంకో నాలుగు బస్తాలు తెప్పించండి" అంటాడు. యజమానేమో సిమెంటు ఎవరో దాచుకున్నారని అనుమానపడతాడు.

దిద్దాలంటే 52.5ని 1.25తో గుణించాలి, సుమారు 65.6 లీటర్ల తడి ఇసుక పోయాలి. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. రెండో సగం నీళ్లది. ఆ ఇసుక పొడిగా ఉంటే బరువు 84 కిలోల దాకా ఉంటుంది, ఐదు శాతం తడి అంటే 4.2 లీటర్లు అదే వెంట తెచ్చింది. కాబట్టి బయటి నుంచి పోయాల్సింది 30 కాదు, 25.8 లీటర్లు. మరిచిపోతే మొత్తం నీరు 34.2 అవుతుంది, నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.6 నుంచి 0.68కి ఎక్కుతుంది. ఇసుక సరిగ్గా దిద్దినా బలం పోతుంది.

ఆ ఐదు శాతం కొలజాడీ చెప్పదు. ఒకే ఇసుక తక్కువ తడిలోనూ ఎక్కువ తడిలోనూ ఒకే పొంగు చూపించవచ్చు. అది పెనమే చెప్పాలి: అర కిలో తడి ఇసుకను రేణువులు విడివిడిగా రాలేదాకా వేడిచేసి మళ్లీ తూయాలి. 476 గ్రాములు తూగితే, పోయిన 24ని 476తో భాగిస్తే ఐదు శాతం. ఇసుక మాడేదాకా ఉంచితే రేణువుల లోపలి నీరు కూడా పోతుంది. అది కాంక్రీటులో కలిసే నీరు కాదు, లెక్క ఎక్కువ చూపుతుంది.

సైటులో ఈ లెక్కను ఫర్మా మీద గీతగా మార్చేస్తే కూలీలకు ఇబ్బంది ఉండదు. అడుగుభాగం 30 సెంటీమీటర్ల చతురస్రంగా ఉన్న ఇసుక ఫర్మాను మిల్లరుకు రెండుసార్లు నింపుతారనుకుంటే, పొడి ఇసుకకు ఎత్తు 29.2 సెంటీమీటర్లు, 25 శాతం పొంగుకు 36.5. అందుకని ఫర్మాను 42 సెంటీమీటర్ల ఎత్తు చేయించి లోపల 20, 25, 30, 35, 40 శాతాలకు గీతలు గీయించాలి. కూలీ ఆ రోజు చెప్పిన గీత దాకా నింపి చదును చేస్తాడు. జడివాన పడితే ఇసుక బాగా తడిసి పొంగు తగ్గుతుంది, నీటి కోత మాత్రం పెరుగుతుంది. అప్పుడు గీత కిందికి దిగాలి, నీళ్ల డబ్బా కూడా తగ్గాలి. రెండింటినీ పరీక్ష చేసే మార్చాలి, అందుకే వానాకాలంలో పొద్దునొకసారి, వాన తెరిపిచ్చాక మరోసారి జాడీనీ పెనాన్నీ బయటకు తీయాల్సిందే.