అరబ్బీ మౌఖిక పరీక్షకు స్వీయ రికార్డింగుతో సాధన

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక నిమిషం జవాబును రికార్డు చేసుకుని, పరిశీలన పట్టిక సహాయంతో అందులోని లోపాలను గుర్తించగలుగుతారు.

1. పరీక్షలో ఏమి చూస్తారు?

అమెరికాకు చెందిన ఏసీటీఎఫ్ఎల్ ప్రమాణాలను అనుసరించే అరబ్బీ మౌఖిక పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. మధ్యమ స్థాయి అభ్యర్థి తెలిసిన విషయాల గురించి విడివిడి వాక్యాలలో మాట్లాడగలగాలి. ఉన్నత స్థాయికి చేరాలంటే జరిగినదాన్ని వరుసగా, ఒక పేరాలాగా చెప్పగలగాలి. భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలను అవసరాన్ని బట్టి మార్చుకోగలగాలి. కంఠస్థం చేసిన వాక్యాలు ఇక్కడ పనికిరావు. పరీక్షకుడు అనుబంధ ప్రశ్న వేయగానే అవి ఆగిపోతాయి.

2. రికార్డింగు విధానం

ప్రశ్నను చీటీ మీద రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, "మీరు ఇటీవల చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పండి." ఆలోచనకు 30 సెకన్లు, జవాబుకు 60 సెకన్లు కేటాయించండి. నాలుగు ముఖ్య పదాలు మాత్రమే రాసుకోండి, వాక్యాలు రాయవద్దు. తప్పు దొర్లినా రికార్డింగు ఆపకండి. పరీక్షలో కూడా ఆపే వీలుండదు. మాట తడబడ్డప్పుడు ఎలా సర్దుకున్నారో తెలియడం కూడా ఈ సాధనలో భాగమే.

3. పరిశీలన పట్టిక

రికార్డింగును నాలుగుసార్లు వినండి. ప్రతిసారీ ఒక్క అంశాన్నే గమనించండి.

అ) అడిగినదానికే జవాబు చెప్పానా? నిమిషం నిండిందా?
ఆ) వాక్యాలను కలిపే పదాలు వాడానా?
ఇ) క్రియ, విశేషణం లింగాన్ని బట్టి మారాయా?
ఈ) దగ్గర దగ్గరగా వినిపించే ధ్వనులను వేరు చేశానా?

4. ఒక ఉదాహరణ

పై ప్రశ్నకు ఒక విద్యార్థి ఇలా జవాబిచ్చాడనుకుందాం: "సాఫర్తు ఇలా హైదరాబాద్ మఅ ఉఖ్తీ. వసల్నా ఫిస్సబాహ్. ఉఖ్తీ ఇష్తరా కుతుబన్ జదీద్. సుమ్మ రజఅనా." అంటే అక్కతో హైదరాబాదు వెళ్ళాను, ఉదయం చేరాము, అక్క కొత్త పుస్తకాలు కొన్నది, తరువాత తిరిగి వచ్చాము అని అర్థం.

విషయం అర్థమవుతుంది, కాని జవాబు నిమిషం నిండకముందే అయిపోయింది. "సుమ్మ" (ఆ తరువాత) తప్ప కలిపే పదం లేదు. మూడవ వాక్యంలో రెండు తప్పులున్నాయి. "ఇష్తరా" అంటే "అతడు కొన్నాడు". అక్క గురించి కాబట్టి "ఇష్తరత్" అనాలి. తెలుగులో విశేషణం మారదు: కొత్త పుస్తకం, కొత్త కారు, కొత్త పుస్తకాలు. అరబ్బీలో "కితాబ్ జదీద్" (కొత్త పుస్తకం), "సయ్యారా జదీదా" (కొత్త కారు) అంటారు. మనుషులు కాని వాటి బహువచనానికి స్త్రీలింగ ఏకవచన విశేషణం వస్తుంది కాబట్టి "కుతుబన్ జదీదా" అనాలి. మన భాషలో ఈ మార్పు లేనందువల్ల మాట్లాడే వేగంలో దీన్ని సులభంగా మరచిపోతాం.

సరిచేసిన వాక్యానికి కారణం కూడా చేర్చవచ్చు: "ఉఖ్తీ ఇష్తరత్ కుతుబన్ జదీదా, లిఅన్నహా తద్రుసు ఫిల్ జామిఅ." ఆమె విశ్వవిద్యాలయంలో చదువుతోంది కనుక కొన్నది అని దీని అర్థం. "లిఅన్న" (ఎందుకంటే) చేరడంతో రెండు విషయాలు కలిశాయి, వర్తమాన కాలం కూడా వచ్చింది. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి అదే ప్రశ్నకు మళ్ళీ రికార్డు చేయండి. మరునాడు "మీ మిత్రురాలు చేసిన ప్రయాణం" వంటి కొత్త ప్రశ్న తీసుకోండి. అందులో కూడా "ఇష్తరత్" వంటి స్త్రీలింగ రూపాలు తడుముకోకుండా వస్తేనే ఆ తప్పు పోయినట్లు.

5. చెవికి అందని తప్పులు

నాలుగవ అంశంలో మీ చెవి మిమ్మల్ని మోసం చేయవచ్చు. "సైఫ్" అని తెలుగులో రాస్తే అది సీన్‌తో మొదలయ్యే "కత్తి" కావచ్చు, సాద్‌తో మొదలయ్యే "వేసవి" కావచ్చు. తెలుగు లిపి ఈ తేడా చూపదు. ఉర్దూ ఉచ్చారణలోనూ రెండూ "స"గానే పలుకుతాయి. గుండెకు "ఖల్బ్", కుక్కకు "కల్బ్" అనే మాటల్లోనూ చిక్కు ఉంది. హైదరాబాదు ఉర్దూ అలవాటున్నవారు ఖాఫ్‌ను గొంతులో రాపిడితో పలుకుతారు. అరబ్బీలో అలా వినిపించేది ఖా అనే వేరే అక్షరం. ఖాఫ్‌కు నాలుక వెనుక భాగం కొండనాలుకను తాకి, గాలి పూర్తిగా ఆగి విడుదల కావాలి.

దీన్ని పరీక్షించడానికి ఒక్క జంటనే తీసుకోండి. రెండు మాటలనూ కలగలిపి పదిసార్లు పలికి రికార్డు చేయండి. పలికిన వరుసను విడిగా రాసి దాచండి. అరబ్బీ తెలిసిన ఒకరికి వినిపించి, ఏ మాట విన్నారో రాయమనండి. ఊహించి రాసినా సుమారు ఐదు సరిపోతాయి. కాబట్టి తొమ్మిది, పది సరిపోతేనే ధ్వనులు వేరుగా వినిపిస్తున్నట్లు భావించండి. ఐదారు దగ్గర ఆగితే ఆ జంటను అధ్యాపకుని ముందు పలికి సరిచేయించుకోవాలి. తప్పు ఉచ్చారణనే రోజూ రికార్డు చేస్తే అది మరింత గట్టిపడుతుంది.

అభ్యాసం

"మీ మిత్రురాలు నిన్న ఏమేమి కొన్నది?" అనే ప్రశ్నకు ఒక నిమిషం జవాబు రికార్డు చేయండి. పట్టికలోని మూడవ అంశం ప్రకారం క్రియలను, విశేషణాలను లెక్కించి, ఎన్ని సరిగా ఉన్నాయో రాయండి.