ఔస్‌ఫార్ట్ ఊరి పేరు కాదు

జర్మనీ ఆటోబాన్ మీద పోతుంటే ‘ఔస్‌ఫార్ట్’ అన్న బోర్డు మాటిమాటికీ ఎదురవుతుంది. అదేదో మహానగరమని, దారులన్నీ అక్కడికే పోతున్నాయని భ్రమపడే కొత్తవాళ్ల మీద పాత హాస్యం ఒకటి ఉంది. నిజానికి అది వాహనాలు బయటికి పోయే దారి. ‘ఔస్’ అంటే బయటికి, ‘ఐన్’ అంటే లోపలికి. ‘ఫార్ట్’ బండిలో పోవడం, ‘గాంగ్’ నడిచి పోవడం. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే బోర్డులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. ఐన్‌ఫార్ట్ బండ్లు లోపలికి వచ్చే దారి, ఔస్‌గాంగ్ మనుషులు బయటికి నడిచే దారి. ఇంటి గేటు మీద ఔస్‌ఫార్ట్ అని కనబడితే మాత్రం, దాని ముందు కారు ఆపకూడదని అర్థం.

ఆటోబాన్ మీద ఆ మాట కోసం ఎదురుచూడటమే అసలు పొరపాటు. అది పక్కదారి చీలే చోట, చిట్టచివర వస్తుంది. దిగాల్సిన ఊరి పేరు, ఎగ్జిట్ నంబరు దాదాపు 1000 మీటర్ల ముందే నీలి బోర్డు మీద కనబడతాయి. 500 మీటర్ల దగ్గర ఊళ్ల పేర్లు మళ్లీ వస్తాయి. ఆ తర్వాత రోడ్డు వారన చారలున్న చిన్న నీలి పలకలు వరుసగా వస్తాయి: మూడు చారలంటే ఇంకా 300 మీటర్లు, రెండంటే 200, ఒకటంటే 100. గంటకు 130 కిలోమీటర్ల వేగంలో 1000 మీటర్లు అర నిమిషం లోపే అయిపోతాయి, చివరి 300 మీటర్లకు ఎనిమిది సెకన్లే. కాబట్టి మొదటి బోర్డు దగ్గరే కుడి లేన్‌లోకి చేరాలి. దారి తప్పితే వెనక్కి నడపడం, వెనక్కి తిప్పడం రెండూ నిషిద్ధం. తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాల్సిందే.

‘ఉమ్‌లైటుంగ్’ అంటే దారి మళ్లింపు. పసుపు పలక మీద నల్ల అక్షరాలతో ఉంటే ముందు రోడ్డు మూసేశారని, బాణాల వెంట పోవాలని అర్థం. అదే మాట మీద ఎర్ర గీత అడ్డంగా కనబడితే మళ్లింపు అయిపోయినట్టే. తికమక పెట్టేది ఇంకొకటి ఉంది: నీలి పలక మీద తెల్లటి ‘యు’ అక్షరం, పక్కన ఒక అంకె. ఇది శాశ్వతంగా ఉండే బోర్డు, ఆ రోజు రోడ్డు మూసినట్టు కాదు. ఆటోబాన్ స్తంభించినప్పుడు ఒక ఎగ్జిట్‌లో దిగినవాళ్లను ఊళ్ల మీదుగా తర్వాతి ఐన్‌ఫార్ట్ దగ్గర మళ్లీ ఎక్కించే దారి అది. దిగినప్పుడు చూసిన అంకెనే చివరిదాకా పట్టుకుని పోతే చాలు.

రైల్వేస్టేషన్‌లో ముఖ్యమైన మాట ‘గ్లైస్’. దాని అర్థం పట్టాలు. వాడుకలో మాత్రం మనం ప్లాట్‌ఫారం నంబరు అనేది అదే. ఒకే అరుగుకు ఒకపక్క గ్లైస్ 7, మరోపక్క గ్లైస్ 8 ఉండవచ్చు. స్టేషన్‌లో అతికించే పసుపు కాగితపు టైంటేబుల్ అబ్‌ఫార్ట్, అంటే బయలుదేరే రైళ్లది. ఆన్‌కున్‌ఫ్ట్ అంటే వచ్చే రైళ్లు.  అయితే గ్లైస్ మారడం అక్కడ మామూలే కనుక కాగితం కన్నా స్క్రీన్‌నే నమ్మాలి.

గ్లైస్ తెలిసినంత మాత్రాన సరిపోదు. పొడవాటి అరుగును ఎ, బి, సి అంటూ భాగాలు చేసి అక్షరాలు వేలాడదీస్తారు. అవి ఎందుకో బెర్లిన్ నుంచి డ్యూసెల్‌డోర్ఫ్ వెళ్లే ప్రయాణికుడికి తెలుస్తుంది. ఆ దారిలో చాలా ఐసీఈలు రెండు రైళ్లను జతచేసి నడుపుతారు. హామ్ స్టేషన్‌లో అవి విడిపోతాయి. ఒకటి డోర్ట్‌ముండ్, ఎస్సెన్‌ల మీదుగా డ్యూసెల్‌డోర్ఫ్‌కు పోతుంది, రెండోది హాగెన్, వుప్పర్టాల్‌ల మీదుగా కొలోన్‌కు. మన లింక్ ఎక్స్‌ప్రెస్‌ల పద్ధతే, కానీ ఆ రెండు రైళ్ల మధ్య లోపలినుంచి నడిచే దారి ఉండదు. స్క్రీన్ మీద ఏ అక్షరాల ఎదుట ఏ ఊరు రాసివుందో చూసి అక్కడే నిలబడాలి. పొరపాటున రెండో సగంలో ఎక్కితే హామ్ లోపే, లేదా హామ్‌లోనే దిగి, అరుగు మీద నడిచి మారాలి. కోచ్‌ల వరుస తారుమారైందని స్క్రీన్ మీద వస్తే అక్షరాలు కూడా మారినట్టే.

స్క్రీన్ మీద ‘ఫెల్ట్ ఔస్’ అని వస్తే రైలు రద్దయినట్టు. ‘నిష్ట్ ఐన్‌స్టైగెన్’ అంటే ఎక్కవద్దని. తలుపులు తెరిచివున్నా ఆ రైలు ప్రయాణికులకు కాదు. పట్టాల మీద పనులు జరిగే రోజుల్లో గ్లైస్ నంబరుకు బదులు ‘ఎర్జాట్స్‌ఫెర్‌కేర్’ అన్న మాట కనబడవచ్చు. రైలుకు బదులు బస్సు నడుస్తుందని దాని భావం. కొన్న రైలు టికెట్టే దానికి చెల్లుతుంది. ఆ బస్సు స్టేషన్ ముఖద్వారం దగ్గరే ఆగాలని లేదు. ఔస్‌గాంగ్ దాటాక అదే మాట రాసిన స్టాప్ బోర్డు వెతుక్కోవాలి.