లాభమొస్తే గంటలో అమ్మకం.. నష్టమొస్తే రెండేళ్ల నిరీక్షణ!

2021లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. కొవిడ్ కాలం కాబట్టి ఆఫీసంతా ఇంట్లోనే. టీమ్ మొత్తం కలిసేది వాట్సాప్ గ్రూపులో. జీతం పడటం మొదలైన నాలుగో నెలలో ఆ గ్రూపులో పని కంటే ఐపీఓల ముచ్చట్లే ఎక్కువయ్యాయి. ‘అరేయ్, రేపే లాస్ట్ డేట్, ఇంకా అప్లై చెయ్యలేదా?’ అని ఒకడు. ‘లిస్టింగ్ రోజే ముప్పై శాతం గ్యారంటీ మామా’ అని ఇంకొకడు. డీమ్యాట్ ఖాతా అరగంటలో తెరిచేశాను.

మీలో చాలామంది స్టైపెండ్‌తోనో, తొలి జీతంతోనో షేర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టేది ఈ దారిలోనే. కంపెనీ మొదటిసారి షేర్లు అమ్మకానికి పెడుతుంది. దాదాపు 15 వేల రూపాయలుంటే ఒక లాట్‌కు అప్లై చేయొచ్చు. యూపీఐ మాండేట్ ఓకే చేస్తే ఆ డబ్బు మన ఖాతాలోనే బ్లాక్ అవుతుంది. షేర్లు రాకపోతే విడుదలవుతుంది. ఇంత తేలిక కాబట్టే మన మనసు చేసే మూడు పొరపాట్లు ఇక్కడ ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. ఆ మూడూ నేను చేశాను.

అందరూ వేస్తున్నారు కదా!

నేను అప్లై చేసిన మొదటి ఐపీఓలో షేరు ధర 98 రూపాయలు, లాట్ 150 షేర్లు. అంటే 14,700 రూపాయలు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో కూడా నాకు సరిగ్గా తెలియదు. నేను చూసింది రెండే: ఇష్యూ ఎన్ని రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది, గ్రే మార్కెట్ ప్రీమియం ఎంత. మా టీమ్‌లో నలుగురం వేస్తే లాటరీలో నాకొక్కడికే షేర్లు వచ్చాయి. లిస్టింగ్ రోజు ధర 127కు చేరింది. గంటలోపే అమ్మేశాను. 4,350 రూపాయల లాభం. గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాను, రాత్రికి బిర్యానీ పార్టీ ఇచ్చాను.

పొరపాటు అక్కడే మొదలైంది. లాభం వచ్చింది కాబట్టి నా పద్ధతి సరైనదే అనుకున్నాను. నిజానికి అది మంద వెంట నడవడం. సబ్‌స్క్రిప్షన్ సంఖ్య మనకు చెప్పేది ఎంతమంది అడిగారన్నదే. కంపెనీ ఆ ధరకు తగినదా అన్నది అది చెప్పదు. అడిగినవాళ్లలో ఎక్కువమంది మనలాగే పక్కవాళ్లను చూసి అడిగినవాళ్లయితే, ఆ సంఖ్యలో కొత్త సమాచారమేమీ ఉండదు. ఇక గ్రే మార్కెట్ అనేది ఎక్స్ఛేంజీ బయట నడిచే అనధికార బేరం. ఆ ధరకు ఎవరి పర్యవేక్షణా లేదు.

దీనికి మన మార్కెట్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ ఐపీఓ వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే సెన్సెక్స్ 21,000 దాటింది. 450 రూపాయల ఇష్యూ ధరకు 70 రెట్లకు పైగా అప్లికేషన్లు వచ్చాయి. ఇష్యూ ముగిసిన కొద్ది రోజులకే మార్కెట్ కుప్పకూలింది. ఫిబ్రవరి 11న లిస్టయిన షేరు, తొలిరోజే ఇష్యూ ధర కంటే దాదాపు 17 శాతం కింద ముగిసింది. అంతమంది కలిసి అడిగినా ఆ ధర నిలబడలేదు.

మొన్న పెరిగింది కదా!

నా బిర్యానీ పార్టీ తర్వాత వరసగా మరో రెండు ఐపీఓలు లాభంతో లిస్టయ్యాయి. వాటిలో నాకు షేర్లు రాలేదు. అయినా మనసులో ఒక సూత్రం స్థిరపడిపోయింది: ‘ఐపీఓ అంటే లాభం’. కళ్ల ముందు జరిగిన మూడు సంఘటనలే మొత్తం చరిత్ర అనిపించాయి. దీన్నే రీసెన్సీ బయాస్ అంటారు. నిన్నటి ఎండ చూసి రేపు గొడుగు అక్కర్లేదని తేల్చుకోవడం లాంటిది.

నాలుగో ఐపీఓలో షేరు ధర 320, లాట్ 46 షేర్లు, మొత్తం 14,720 రూపాయలు. ఈసారి రిటైల్ వాటా ఒకటింబావు రెట్లే నిండింది. మా గ్రూపులో వేసిన దాదాపు అందరికీ షేర్లు వచ్చాయి. ‘అదృష్టం తిరిగింది’ అని సంబరపడ్డాం. అది సంబరపడాల్సిన విషయం కాదని తర్వాత అర్థమైంది. ఎందుకో చిన్న లెక్కలో చూద్దాం.

రిటైల్ కోటాలో అప్లికేషన్లు మరీ ఎక్కువైతే లాటరీ తీస్తారు. గెలిచినవాళ్లకు ఒక్కో లాటే ఇస్తారు. పది లాట్లకు అప్లై చేసినా అంతే. ఇప్పుడు లెక్క కోసం పది ఐపీఓలు అనుకుందాం. అందులో అయిదింటికి విపరీతమైన గిరాకీ ఉంది. లాట్‌కు 4,000 లాభం వస్తుంది, కానీ షేర్లు దొరికేది ఇరవై మందిలో ఒకరికే. మిగతా అయిదింటికి గిరాకీ లేదు. లాట్‌కు 1,500 నష్టం, షేర్లు మాత్రం అడిగినవాళ్లందరికీ దొరుకుతాయి.

యాప్‌లో కనిపించే జాబితా ప్రకారం చూస్తే 20,000 లాభం, 7,500 నష్టం. అంటే సగటున ఐపీఓకు 1,250 లాభం. మరి పదింటికీ అప్లై చేసిన మన సంగతి? గిరాకీ ఉన్న అయిదింటి నుంచి సగటున మనకు దక్కేది 1,000 రూపాయలే. నష్టపోయే అయిదూ పూర్తిగా మన ఖాతాలో పడతాయి. చివరికి 6,500 నష్టం! జాబితా నిజమే, కానీ అది మన జాబితా కాదు. మంచివి దొరకడం కష్టం, మిగిలినవి సులభంగా దొరుకుతాయి. 1986లో కెవిన్ రాక్ అనే ఆర్థికవేత్త తన పరిశోధనా పత్రంలో వివరించింది ఈ చిక్కునే. అందుకే ‘ఈమధ్య వచ్చినవన్నీ పెరిగాయి’ అని ఎవరైనా అంటే, ‘వాటిలో మనకు ఎన్ని దొరికాయి?’ అని అడగాలి.

అమ్మితేనే కదా నష్టం!

నా నాలుగో ఐపీఓ 285 దగ్గర లిస్టయింది. లాట్ మీద 1,610 రూపాయల నష్టం. మొదటి షేరును గంటలో అమ్మేసిన నేను దీన్ని అమ్మలేదు. ‘320 రానీ, వెంటనే బయటపడతా’ అనుకున్నాను. 250కి వచ్చినప్పుడు ‘ఇంత దిగాక ఇంకేం దిగుతుందిలే’ అన్నాను. ఆ తర్వాత యాప్ తెరవడమే మానేశాను. రెండేళ్లకు 190 దగ్గర అమ్మాను. నష్టం 5,980 రూపాయలు.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, వెయ్యి రూపాయలు వస్తే కలిగే ఆనందం కంటే వెయ్యి పోతే కలిగే బాధ చాలా ఎక్కువ. అది సుమారు రెట్టింపని వాళ్ల తర్వాతి అంచనా. ఆ బాధను వాయిదా వేయడానికే మనం అమ్మకుండా కూర్చుంటాం. లాభాన్ని మాత్రం చేజారుతుందేమోనని త్వరగా జేబులో వేసుకుంటాం.

మన దేశంలో ఇది ఎంత బలంగా ఉందో సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనంలో కనిపిస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు వరకు వచ్చిన 144 ఐపీఓలను పరిశీలించారు. షేరు 20 శాతానికి పైగా పెరిగినప్పుడు, వ్యక్తిగత మదుపరులు తమకొచ్చిన షేర్లలో విలువపరంగా 67.6 శాతం వారంలోపే అమ్మేశారు. షేరు నష్టంలో ఉన్నప్పుడు అమ్మింది 23.3 శాతమే. ఆ కాలంలో మార్కెట్‌లో ఉన్న నేనూ అచ్చం అదే పని చేశాను.

‘అమ్మకపోతే నష్టం కానట్టే’ అన్న మాట వినడానికి బాగుంటుంది. లెక్క మాత్రం దానికి ఒప్పుకోదు. 190కి పడిన షేరు మళ్లీ 320 కావాలంటే 68 శాతం పెరగాలి. నేను ఎంతకు కొన్నానో షేరుకు తెలియదు. 320 అన్న సంఖ్యకు నా మనసులో తప్ప మార్కెట్‌లో ఎక్కడా విలువ లేదు. ఆరోజు నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ 46 షేర్లకు బదులు ఇప్పుడు నా చేతిలో 8,740 రూపాయల నగదు ఉంటే, ఇదే షేరు కొంటానా?’ జవాబు ‘కొనను’ అయితే, దాన్ని ఉంచుకోవడానికి కారణం నా బాధ ఒక్కటే.

రెండూ కలిపి చూస్తే కథ ఇంకా స్పష్టం. 4,350 లాభం, 5,980 నష్టం. నికరంగా 1,630 పోయాయి. కానీ ఆ రెండేళ్లూ ‘ఐపీఓలో నాలుగు వేలు సంపాదించా’ అనే చెప్పుకుని తిరిగాను. లిస్టింగ్ రోజే 285కి అమ్మి ఉంటే నికరంగా 2,740 మిగిలేవి. రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో అమ్మి ఉంటే ఆ నష్టాన్ని లాభంలోంచి మినహాయించుకుని, పన్ను పడే మొత్తాన్ని తగ్గించుకునే వీలుండేది.

అలాగని పడిన ప్రతి షేరునూ అమ్మేయాలని కాదు. కొన్ని పడి లేస్తాయి, లాభంలో అమ్మినవి మళ్లీ పడతాయి. కానీ మన ఎంపిక తరచూ తలకిందులుగా ఉంటుంది. అమెరికాలో ఒక బ్రోకరేజీకి చెందిన 10,000 ఖాతాలను టెరెన్స్ ఓడియన్ పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. మదుపరులు లాభానికి అమ్మేసిన షేర్లు, నష్టంలో అట్టిపెట్టుకున్న షేర్ల కంటే తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం పాయింట్లు ఎక్కువ రాబడి ఇచ్చాయి.

అప్లై చేసేముందు మూడు వాక్యాలు

ధర కళ్ల ముందు కదులుతున్నప్పుడు మనసును అదుపు చేయడం కష్టం. అందుకే నిర్ణయాన్ని ముందే కాగితం మీద పెట్టాలి. ఇప్పుడు నేను మాండేట్ ఓకే చేసేముందు నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాస్తాను.

మొదటిది: ఎందుకు కొంటున్నాను? ఈ వాక్యంలో ‘అందరూ’, ‘రెట్లు’, ‘ప్రీమియం’ అన్న మాటలు రాకూడదు. దీనికి కావాల్సిన సమాచారం సెబీ వెబ్‌సైట్‌లో దొరికే ఆఫర్ డాక్యుమెంట్‌లో ఉంటుంది. అందులో రెండు చోట్ల చూస్తాను. వచ్చే డబ్బు కంపెనీ విస్తరణకు వెళ్తుందా, లేక పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకుని వెళ్లిపోతున్నారా? అడుగుతున్న ధర, అదే రంగంలో ఇప్పటికే లిస్టయిన కంపెనీలతో పోలిస్తే ఎలా ఉంది?

రెండోది: లిస్టింగ్ రోజు అమ్మడానికా, కొన్నేళ్లు ఉంచుకోవడానికా? లిస్టింగ్ కోసమే అయితే ధర పెరిగినా పడినా ఆరోజే అమ్మాలి. నేను చేసిన అసలు తప్పు ఇదే. ఒక్క రోజు కోసం కొన్న షేరు పడగానే, ‘లాంగ్ టర్మ్’ అని దానికి కొత్త పేరు పెట్టాను.

మూడోది: ఉంచుకునేదైతే, ఏం జరిగితే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను? ఉదాహరణకు ‘వరసగా నాలుగు త్రైమాసికాలు అమ్మకాలు తగ్గితే బయటికొస్తాను’ అని రాసుకోవచ్చు. ధర ఒక్కటే కారణమైతే పది శాతం పడగానే కంగారు పుడుతుంది.

మొదటి వాక్యం రాయలేక పేజీ ఖాళీగా వదిలేసిన ఐపీఓలు నా నోట్‌బుక్‌లో చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని తర్వాత బాగా పెరిగాయి కూడా. గ్రూపులో స్క్రీన్‌షాట్లు వస్తూనే ఉంటాయి. చూసినప్పుడల్లా చేయి కాస్త దురద పెడుతుంది. అప్పుడు 320 దగ్గర కొన్న షేరు పేజీ తీసి ఒకసారి చదువుకుంటాను.