పిలుపు వచ్చింది, వెళ్లాలని లేదు

సంక్రాంతి సెలవులు దాటాక జిల్లా పత్రికల్లో ఒకే రకం ఫొటోలు వరుసగా కనిపిస్తాయి. పాఠశాల ముందు ఫ్లెక్సీ, ముందు వరుస కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న మాస్టార్లు, వెనక నిలబడ్డ పదో తరగతి బ్యాచ్. కింద ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అన్న శీర్షిక. వాట్సాప్ వచ్చాక పాతికేళ్లుగా జాడలేని వాళ్ల నంబర్లు కూడా వారం రోజుల్లో దొరుకుతున్నాయి. తమిళంలో 2018లో ‘96’, తెలుగులో 2020లో దాని రీమేక్ ‘జాను’ వచ్చాయి. రెండింటిలోనూ బడి స్నేహితులు మళ్లీ కలవడం మధురమైన ఘట్టమే.

ఫ్లెక్సీ కింద నిలబడడానికి మనసొప్పని వాళ్లు కూడా ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇలాంటి ఒకామెను ఊహించుకుందాం. 2000లో పదో తరగతి పూర్తి చేసింది. ఫీజు కట్టలేదని రోజుల తరబడి తరగతి బయట నిలబెట్టారు. ఒంటి రంగును బట్టి ఒక మారుపేరు పెట్టారు. ఐదేళ్లపాటు అందరూ ఆ పేరుతోనే పిలిచారు. పిలిచినవాళ్లకు అది సరదా. ఇప్పుడు గ్రూపులో ఒకరు పాత ఫొటో పెట్టి, అదే పేరు రాసి, నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. కింద నలభై మంది నవ్వారు. ఆ రోజు సాయంత్రమే నిర్వాహకుడు ఫోన్ చేశాడు: “నువ్వు రాకపోతే ఎలా? లేడీస్‌ని నువ్వే కదా కలుపుకురావాలి!”

అతని గొంతులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఆ మారుపేరు ఆమెను బాధపెట్టిందన్న సంగతే అతనికి తెలియదు. ఆమెకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. అంత కాలం కిందటి విషయానికి ఇంత బాధేమిటని ఆమె తనను తానే నిందించుకుంటుంది కూడా. ఆ నింద అనవసరం. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. చిన్నప్పుడు తోటి పిల్లల వేధింపులకు తరచూ గురైనవాళ్లలో యాభై ఏళ్ల వయసులోనూ దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయని 2014లో పరిశోధకులు ప్రకటించారు. నలభై దాటిన మనిషికి ఒక పాత పిలుపు విని గుండె దడ పుట్టడం వింతేమీ కాదు.

అయితే ఆమె ఏం చెప్పాలి?

మనవాళ్లకు మొదట నోటికొచ్చేది “చూద్దాం, ట్రై చేస్తాను”. మొహమాటం కొద్దీ చెప్పే ఈ మాటే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది తెస్తుంది. నిర్వాహకుడు దాన్ని సగం ఒప్పుకోలుగా తీసుకుంటాడు. భోజనాల లెక్కలో, మెమెంటోల లెక్కలో పేరు చేరుతుంది. వారానికోసారి ఫోన్ వస్తుంది. చివరి రోజు రానని చెబితే అతనికి నిజంగానే కోపమొస్తుంది, దానికి కారణం కూడా ఉంటుంది.

రెండోది సాకు. ఆ రోజు పెళ్లి ఉందంటే, “అయితే మధ్యాహ్నం దాకా ఉండి వెళ్లు” అంటారు. ఒంట్లో బాగాలేదంటే నలుగురు పండ్లు పట్టుకుని ఇంటికే వస్తారు. ఊళ్లో ఉండనంటే, ఆ రోజు ఎవరి స్టేటస్‌లోనో ఆమె ఫొటో కనిపిస్తుంది. కారణం చెప్పిన ప్రతిసారీ దానికో పరిష్కారం దొరుకుతుంది, బేరం మొదటికొస్తుంది. తీరిక లేదనడం కూడా అంత మంచిది కాదు. గ్రాంట్ డానెలీ, మరి కొందరు పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, డబ్బు లేక రాలేమన్నవాళ్లతో పోలిస్తే టైం లేక రాలేమన్నవాళ్లపై ఎదుటివారికి నమ్మకం తగ్గినట్టు తేలింది. టైం మన చేతిలోనే ఉంటుందని అందరూ అనుకోవడమే దీనికి కారణం.

మూడోది అసలు సంగతి మొత్తం గ్రూపులో రాసేయడం. ఆ హక్కు ఆమెకు ఉంది. కానీ దాని వెనకాలే క్షమాపణలు, సమర్థింపులు, “అదంతా చిన్నతనం కదా, మనసులో పెట్టుకోకు” అన్న ఓదార్పులు వరుసగా వస్తాయి. వాటికి జవాబు చెప్పే ఓపిక ఆ వారంలో ఉందో లేదో ఆమే చూసుకోవాలి. లేకపోతే ఈ పిలుపు దానికి సమయం కాదు.

కాబట్టి చిన్న జవాబే మేలు. దాన్ని గ్రూపులో కాకుండా నిర్వాహకుడికి విడిగా, వీలైతే పిలుపు వచ్చిన రెండు మూడు రోజుల్లోనే పంపాలి. గ్రూపులో పెడితే “రావాల్సిందే” అని పది మంది మీద పడతారు. ఆమె ఇలా రాయవచ్చు:

“గుర్తుపెట్టుకుని పిలిచినందుకు సంతోషం. నేను ఈ కార్యక్రమానికి రావడం లేదు. భోజనాల లెక్కలో నా పేరు వేయొద్దు. అంతా బాగా జరగాలి.”

ఇందులో కృతజ్ఞత ఉంది, నిర్ణయం ఉంది, నిర్వాహకుడికి పనికొచ్చే సమాచారం ఉంది. కారణం లేదు. “రాలేకపోవచ్చు” అని రాస్తే మళ్లీ ఫోన్ వస్తుంది. “సారీ, తప్పుగా అనుకోకు, నాకూ రావాలనే ఉంది” అని పొడిగించినా అంతే. పైగా రావాలని ఉందనడం అబద్ధం. ఎదుటి మనిషి మీద గౌరవం ఉన్నప్పుడు ఆ అబద్ధం అక్కర్లేదు.

అతను ఊరుకోకపోవచ్చు. “ఎందుకే? ఎవరైనా ఏమైనా అన్నారా?” అని అడగవచ్చు. అప్పుడు కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు. “నీ అభిమానం అర్థమైంది. నా నిర్ణయం మాత్రం అదే, ఇంక అడగొద్దు” అంటే సరిపోతుంది. మూడోసారి అడిగితే మాట మార్చి పిల్లల చదువుల గురించి అడగవచ్చు. ఫోన్ పెట్టేసినా తప్పులేదు.

రానంటే సంబంధం చెడిపోతుందేమోనన్న భయం చాలామందిని ఆపుతుంది. అమెరికాలో జూలియన్ గివీ, కాలిన్ కర్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ భయాన్నే పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. స్నేహితుడు విందుకు పిలిస్తే, ఇంట్లో విశ్రాంతి తీసుకుంటానని చెప్పి వెళ్లని సందర్భాన్ని ఊహించుకోమన్నారు. కాదన్నవాళ్లు ఊహించినంతగా పిలిచినవాళ్లు నొచ్చుకోలేదు. అమెరికన్ల మీద జరిగిన ప్రయోగం ఇది. బతిమాలడమే మర్యాదగా భావించే మన ఊళ్లలో ఒత్తిడి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అయినా కార్యక్రమం రోజు మైకులు, వంటలు, సన్మానాల హడావిడిలో, రాని మనిషి గురించి తలుచుకునే తీరిక నిర్వాహకుడికి ఉండదు.

ఇక మిగిలింది గ్రూపు. బయటికి వచ్చేస్తే అందరికీ తెలుస్తుందని చాలామంది అందులోనే ఉండిపోతారు. 2022 నుంచి వాట్సాప్‌లో గ్రూపు వదిలితే ఆ సమాచారం అడ్మిన్లకే వెళ్తుంది, అందరికీ ప్రకటన కనిపించదు. కాకపోతే గ్రూపు సభ్యుల వివరాల్లో, ఇటీవల వెళ్లినవాళ్ల జాబితా వెతికితే కొంతకాలం దొరుకుతుంది. అది కూడా వద్దనుకుంటే గ్రూపును మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పడేస్తే కార్యక్రమం ముగిసేదాకా ఫొటోలు కళ్లబడవు. ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు కూడా.

సన్మానాలకు చందా ఇవ్వాలా అన్నది మరో మెలిక. రాకపోవడానికి పరిహారంగా ఇస్తే అది జరిమానాలా మనసులో ఉండిపోతుంది. తనకు మేలు చేసిన టీచరమ్మ ఒకరుంటే, ఏదో ఒక ఆదివారం పండ్లు తీసుకుని వాళ్లింటికే వెళ్లి పలకరించవచ్చు. దానికి బ్యాచ్ మొత్తం అక్కర్లేదు.

ఈ వ్యాసం నిర్వాహకుల కంట పడితే వాళ్లకూ ఒక మాట. రానన్న మెసేజ్ వస్తే “సరే, చెప్పినందుకు థ్యాంక్స్. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్” అని రాసి, జాబితాలో ఆ పేరు కొట్టేయండి. ఎందుకు రావట్లేదో గ్రూపులో చర్చ పెట్టకండి. బ్యాడ్జీలు ప్రింట్ చేసే ముందు మారుపేర్లు తీసేసి, హాజరు పట్టీలో ఉన్న పేర్లే వేయించండి.