నేలను చూసి నిలబడే డ్రోన్

ఇంటి కప్పు కింద జీపీఎస్ సంకేతాలు సరిగా అందవు. అలాంటి చోట డ్రోన్ గాలిలో కదలకుండా నిలబడాలంటే దాని కడుపు కింద రెండు చిన్న పరికరాలు అమరుస్తారు. ఒకటి నేలను చూసే ఆప్టికల్ ఫ్లో సెన్సర్, రెండోది ఎత్తు కొలిచే రేంజ్‌ఫైండర్. స్వీడన్‌లోని మాల్మోకు చెందిన బిట్‌క్రేజ్ సంస్థ, 27 గ్రాముల క్రేజీఫ్లై డ్రోన్ కోసం ఈ రెంటినీ ఒకే చిన్న బోర్డు మీద కూర్చింది. ఫ్లో డెక్ అనే ఆ బోర్డు బరువు 1.6 గ్రాములు. దాని మీదుండే ఫ్లో సెన్సర్ పేరు PMW3901, రేంజ్‌ఫైండర్ పేరు VL53L1X.

ఫ్లో సెన్సర్ పని కంప్యూటర్ మౌస్ అడుగున ఉండే కన్ను పనిలాంటిదే. అడ్డంగా 35, నిలువుగా 35 పిక్సెళ్లున్న చిన్న చిత్రాన్ని సెకనుకు వంద సార్లకు పైగా తీసి, ముందు చిత్రంలోని మచ్చలు తర్వాతి చిత్రంలో ఎంత జరిగాయో చూస్తుంది. అయితే దానికి తెలిసేది కోణం మాత్రమే, దూరం కాదు. రైలు కిటికీలోంచి చూస్తే పక్కనున్న స్తంభాలు దూసుకుపోతాయి, దూరపు కొండ మెల్లగా జరుగుతుంది. రైలు వేగం మాత్రం ఒక్కటే. అందుకే ఎత్తు తెలియాలి. సెన్సర్ చూపిన కోణవేగాన్ని ఎత్తుతో గుణిస్తే అసలు వేగం వస్తుంది. సెకనుకు 0.2 రేడియన్ల ప్రవాహం కనిపిస్తే, మీటరు ఎత్తులో డ్రోన్ సెకనుకు 20 సెంటీమీటర్లు జరుగుతున్నట్టు. రెండు మీటర్ల ఎత్తులో 40 సెంటీమీటర్లు జరుగుతున్నట్టు. రేంజ్‌ఫైండర్ పది శాతం తప్పు చెబితే వేగం కూడా పది శాతం తప్పుతుంది.

డ్రోన్ ఉన్నచోటే కాస్త వంగినా చిత్రం జరుగుతుంది. ఆ వంపును జైరోస్కోప్ కొలుస్తుంది. దాన్ని తీసివేయగా మిగిలినదే నిజమైన కదలిక. ఆర్డుపైలట్ వాడేవారు దీన్ని లాగ్‌లో సరిచూసుకోవచ్చు. డ్రోన్‌ను చేత్తో పట్టుకుని, చోటు మార్చకుండా అటూ ఇటూ వంచాలి. `OF` నమోదులో `flowX`, `bodyX` గీతలు ఒకదానిమీద ఒకటి పడితే సరే. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంటే `FLOW_FXSCALER` విలువ సవరించాలి. గీతలు ఎదురెదురు దిక్కులకు పోతే సెన్సర్‌ను తప్పు దిశలో బిగించారన్నమాట. ఆ స్థితిలో ఎగరేయడం ప్రమాదం.

ఇవన్నీ సరిగా ఉన్నా అసలు చిక్కు నేలతోనే. PMW3901 చూపు విస్తారం సుమారు 42 డిగ్రీలు. మీటరు ఎత్తునుంచి అది చూసేది దాదాపు 77 సెంటీమీటర్ల వెడల్పు. ఒక్కో పిక్సెల్ వాటాకు రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా వస్తుంది. గ్రానైట్ మీది ఆవగింజంత చుక్కలు దగ్గరనుంచి ఎంత అందంగా కనిపించినా ఆ ఎత్తులో కలిసిపోయి బూడిదరంగు పలక అవుతాయి. పొడవాటి గీతల చాప మరో రకం ఇబ్బంది: గీతలకు అడ్డంగా కదిలితే తెలుస్తుంది, గీతల వెంబడి కదిలితే ఏ మార్పూ కనబడదు.

అన్నిటికన్నా మోసం చేసేది నిగనిగలాడే తెల్లటి టైల్స్. మూడు మీటర్ల ఎత్తున ఉన్న దీపం ప్రతిబింబం నేలకు మూడు మీటర్ల లోతున ఉన్నట్టు కనిపిస్తుంది. మీటరు ఎత్తులో ఎగిరే డ్రోన్‌కు అది నాలుగు మీటర్ల దూరంలోని వస్తువు. సాదా టైల్ మీద ఆ వెలుగు చుక్క తప్ప పట్టుకోవడానికి మరేదీ దొరకకపోతే, సెన్సర్ అసలు వేగంలో నాలుగో వంతే చెబుతుంది. డ్రోన్ తాను దాదాపు నిలిచే ఉన్నాననుకుంటూ గోడవైపు జారిపోతుంది. డ్రోన్‌కే దీపం తగిలిస్తే పరిస్థితి ఇంకా విషమం. ఆ ప్రతిబింబం డ్రోన్‌తోపాటే జరుగుతుంది కాబట్టి కదలికే లేనట్టు తేలుతుంది. నీడ సంగతీ అంతే. ఇక్కడ ఇంకో అపాయం ఉంది: ప్రతిబింబం స్పష్టంగా ఉంటే నాణ్యతను చెప్పే `Qual` అంకె కూడా బాగానే కనిపించవచ్చు. అంకె పడిపోతే నేల చాలదని అర్థం, కానీ అంకె బాగున్నంత మాత్రాన నేల మంచిదని కాదు.

వెలుతురు విషయంలో రెండు పరికరాలకూ పొత్తు కుదరదు. ఫ్లో సెన్సర్‌కు కనీసం 60 లక్స్ కావాలి. రాత్రి ఒక్క బల్బు వెలిగే పెద్ద గదిలో మూలలకు అంత వెలుగు చేరకపోవచ్చు. రేంజ్‌ఫైండర్ తన సొంత పరారుణ కిరణంతో కొలుస్తుంది కాబట్టి దానికి చీకటే మేలు. చీకట్లో నాలుగు మీటర్ల దాకా కొలిచేది, గట్టి ఎండ పడేచోట మీటరు కంటే తక్కువకు కుంగిపోవచ్చు. కిటికీలోంచి ఎండ పడే చోట ఎత్తు అంకె తడబడటానికి ఇదే కారణం.

డ్రోన్ వేగాలను కూడుకుంటూ చోటును లెక్కిస్తుంది కనుక చిన్న తప్పులు పేరుకుంటాయి. మంచి నేల మీద కూడా అది నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. మీటరు ఎత్తులో నిలపాలంటే అరచేయంత మచ్చలు ఒకదానికొకటి పోలిక లేకుండా చెదిరి ఉన్న, మెరుపు లేని రగ్గును పరచడం ఏ సాఫ్ట్‌వేర్ సవరణకన్నా బాగా పనిచేస్తుంది.